కరెంటు బిల్లులో మొత్తం ఎలా వచ్చిందో మీరే లెక్కగట్టి చూసుకోండి

రీడింగ్ తీసే మనిషి చేతి మిషన్‌లోంచి కాగితం చింపి గేటుకు గుచ్చి వెళ్లిపోతాడు. మనం కింద ఉన్న మొత్తం, కట్టాల్సిన తేదీ చూసి ఫోన్లో కట్టేస్తాం. పోయిన నెల 940, ఈ నెల 1,180 వస్తే "ఎండలు ముదిరాయి కదా" అనుకుంటాం. నిజానికి ఆ తేడా ఎండల వల్ల కాకుండా, కేవలం నాలుగు యూనిట్ల వల్ల కూడా రావచ్చు. అది ఎలాగో ఇక్కడ ఒక బిల్లు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్కవేస్తాను. తెలంగాణలో ఇళ్లకు వేసే బిల్లునే తీసుకుంటున్నాను, ఎందుకంటే జనం ఎక్కువగా దెబ్బతినేది అక్కడి శ్లాబుల దగ్గరే. ధరలు 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చినవి. మీరు చదివే నాటికి కొత్త ధరలు వచ్చి ఉంటే అంకెలు మార్చుకోండి, పద్ధతి ఇదే.

ముందు బిల్లును ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం మీద అచ్చు నెలల్లోనే వెలిసిపోతుంది. రేపు ఎవరినైనా అడగాలంటే చేతిలో తెల్ల కాగితం మిగులుతుంది.

మొదటి పని: ఆ మీటరు మీదేనా?

ఇది వింతగా అనిపించొచ్చు, కానీ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. కింద సెల్లార్‌లో ఒకే గోడకు ఇరవై మీటర్లుంటాయి. కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ వైర్లు అటూ ఇటూ కలిపితే మీ ఇంటి వాడకం పక్క ఫ్లాట్ బిల్లులోకి, వాళ్లది మీ బిల్లులోకి వెళ్తుంది. మేం అద్దెకున్న ఒక ఫ్లాట్‌లో ఇదే జరిగింది. పదిహేను రోజులు ఊరెళ్లొచ్చినా బిల్లు తగ్గకపోతే అప్పుడు అనుమానం వచ్చింది.

బిల్లు మీద మీటర్ నంబర్ ఉంటుంది. మీటర్ ముఖం మీద చెక్కిన నంబరుతో దాన్ని పోల్చండి. రెండూ ఒకటే అయితే, ఒకరిని మీటర్ దగ్గర నిలబెట్టి మీరు ఇంట్లో మెయిన్ ఎంసీబీ దించండి. మీటర్ మీద మిణుకుమిణుకుమనే చిన్న ఎర్ర లైటు ఆగిపోవాలి. ఆగకపోతే ఆ మీటరుకు ఇంకెవరి లైనైనా కలిసి ఉండాలి, లేదా మీ మెయిన్‌కు, మీటరుకు మధ్య ఎక్కడో కరెంటు పోతూ ఉండాలి. మీది ఆగకుండా పక్క మీటర్‌ది ఆగితే వైర్లు తారుమారయ్యాయన్నమాట. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, ఒక్కసారి చేస్తే చాలు.

రెండో పని: రీడింగ్, తేదీలు

మీటర్ తెరమీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ ఉంటాయి. వోల్టేజీ, తేదీ, టైము, గరిష్ఠ లోడు అన్నీ వస్తాయి. మనకు కావాల్సింది పక్కన kWh అని కనిపించే అంకె. చుక్క తర్వాతి అంకెను వదిలేయండి. kVAh అని కనిపించేది వేరు, దాంతో కలిపేసుకోకండి.

బిల్లులో గత రీడింగ్, ఇప్పటి రీడింగ్, రెండింటి తేదీలు ఉంటాయి. మన ఉదాహరణ ఇది: మార్చి 5న 8412, ఏప్రిల్ 7న 8616. తేడా 204 యూనిట్లు. బిల్లు వచ్చిన రోజే మీటర్ దగ్గరికి వెళ్లి చూడండి. అక్కడ 8616 కానీ, దానికి కాస్త పైన కానీ ఉండాలి. మీటర్‌లో బిల్లు కన్నా తక్కువ ఉంటే రీడింగ్ తప్పు పడినట్టే. ఆ తెరను తేదీ కనిపించేలా ఫోటో తీసుకోండి. ఆలస్యం చేస్తే వాడకం పెరిగి మీటర్ ఆ అంకెను దాటేస్తుంది, మీ దగ్గర రుజువు మిగలదు.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. మార్చి 5 నుంచి ఏప్రిల్ 7కు 33 రోజులు. 204ను 33తో భాగిస్తే రోజుకు 6.18 యూనిట్లు. ఇదే వాడకం 30 రోజులకైతే 185 యూనిట్లే. ఈ 185ను బిల్లు పక్కన రాసి పెట్టుకోండి, దీంతో మళ్లీ పనుంది. నెలనెలా వాడకాన్ని పోల్చాలన్నా ఈ రోజువారీ అంకెనే పోల్చాలి. 28 రోజుల బిల్లునీ, 33 రోజుల బిల్లునీ పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనుకోవడంలో అర్థం లేదు.

మూడో పని: మీరు ఏ గుంపులో పడ్డారో చూడండి

బిల్లు మొత్తంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది, కాబట్టి నెమ్మదిగా చదవండి.

శ్లాబు అంటే చాలామంది మెట్ల లెక్క అనుకుంటారు. మొదటి కొన్ని యూనిట్లకు తక్కువ ధర, ఆ పైవాటికి మాత్రమే ఎక్కువ ధర. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు వేసేది అలాంటి లెక్కే. 2022 ఏప్రిల్ నాటి ధరల్లో మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, అలా పైకి పోతుంది. ఎంత వాడినా మొదటి 30 యూనిట్లు మీకు 1.90కే వస్తాయి. 200 వాడిన ఇల్లు 201 వాడితే పెరిగేది 6 రూపాయలు మాత్రమే.

తెలంగాణలో అలా కాదు. అక్కడ నెల వాడకాన్ని బట్టి ముందు ఇళ్లను మూడు గుంపులు చేస్తారు. ఒక్కో గుంపుకు ధరల పట్టికే వేరు. 

నెలకు 100 యూనిట్ల లోపు వాడితే మొదటి 50కి 1.95, మిగతా 50కి 3.10.

100 దాటి 200 లోపు వాడితే మొదటి 100కి 3.40, ఆ పైన 4.80. అంటే మొదటి యాభైకి ఉన్న 1.95 ధర ఇక మీకు వర్తించదు.

200 దాటితే మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది. ఆ తర్వాత 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50, ఆపైన 10 రూపాయలు.

ఇప్పుడు సరిగ్గా 200 వాడిన ఇంటిని చూద్దాం. 100 × 3.40 = 340, 100 × 4.80 = 480, మొత్తం 820 రూపాయలు. అదే ఇల్లు 201 వాడితే 200 × 5.10 = 1,020, దానికి 7.70 కలిపితే 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల 70 పైసలు పెరిగింది. ఆ ఒక్క యూనిట్ అంత ఖరీదైందని కాదు, అది వెనకున్న 200 యూనిట్ల ధరనూ మార్చేసింది. 100 గీత దగ్గరా ఇదే జరుగుతుంది. 100 వాడితే 252.50, 101 వాడితే 344.80.

కానీ 300 గీతకు ఈ భయం అక్కర్లేదు. అది మూడో గుంపులోపలి మెట్టే. 301వ యూనిట్‌కు 9 రూపాయలు పడుతుంది, వెనకటివి కదలవు. కాబట్టి తెలంగాణ ఇంట్లో నిజంగా కాచుకోవాల్సిన గీతలు రెండే, 100, 200.

మీ బిల్లులో శ్లాబుల విడి లెక్క లేకపోయినా ఎనర్జీ చార్జీలు అనే అంకెను చూస్తే మీరు ఏ గుంపులో పడ్డారో తెలిసిపోతుంది. మన ఉదాహరణలో 204 యూనిట్లు. 200 × 5.10 = 1,020, 4 × 7.70 = 30.80. మొత్తం 1,050.80. బిల్లులో ఎనర్జీ చార్జీలు ఇంతే ఉంటే మిమ్మల్ని 200 దాటిన గుంపులోనే వేశారు.

ఇక్కడే ఇందాక రాసి పెట్టుకున్న 185ను తీయండి. రీడింగ్ 33వ రోజున కాక 30వ రోజున తీసి ఉంటే వాడకం గీత లోపలే ఉండేది. 185కు లెక్కవేస్తే 340 + 85 × 4.80 = 748. మిగిలిన 19 యూనిట్లు వచ్చే నెలకు వెళ్లేవి. 200 దాటడానికి కారణం మీ ఏసీ కాదు, ఆ మూడు రోజులు. మీ బిల్లులో ఇలా కనిపిస్తే ఊరుకోకండి. రెండు తేదీలు, రోజుల లెక్క, 30 రోజులకు వచ్చే యూనిట్లు ఒక కాగితం మీద రాసి బిల్లు సరిచేయమని అడగండి.

ఇదే గీత గృహజ్యోతి ఉన్న ఇళ్లకు ఇంకా ముఖ్యం. 2024 మార్చి నుంచి అర్హత ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. 201 అయితే ఆ ఒక్క యూనిట్‌కే డబ్బు కట్టడం కాదు, ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. 204 యూనిట్ల ఇల్లు సున్నా నుంచి వెయ్యి పైచిలుకుకు వెళ్తుంది. కూలి డబ్బుతో నడిచే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. మూడు రోజుల ఆలస్యం గురించి నేను ఇంతగా చెప్పడానికి కారణం అదే.

నాలుగో పని: మిగతా వరసలు కలపండి

కస్టమర్ చార్జీలు అనేవి మీటరు, బిల్లింగు ఖర్చు పేరుతో నెలకు ఒకసారి వేసే మొత్తం. ఇదీ వాడకాన్ని బట్టే మారుతుంది. 101 నుంచి 200 దాకా 90 రూపాయలు, 201 నుంచి 300 దాకా 100. కాబట్టి గీత దాటితే ఇక్కడ కూడా పది పెరుగుతుంది.

ఫిక్స్‌డ్ చార్జీలు వాడకం మీద కాదు, మీ పేరున రాయించుకున్న లోడు మీద. బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ అని కిలోవాట్లలో ఉంటుంది. కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు. మన ఉదాహరణలో 2 కిలోవాట్లు, అంటే 20 రూపాయలు. ఇంటికి నెల రోజులు తాళం వేసినా ఇది పడుతుంది. దీని పక్కనే ఆర్‌ఎండీ అనే అంకె కనిపిస్తే అది ఆ నెలలో ఏదో ఒక సమయాన మీ ఇల్లు లాగిన గరిష్ఠ లోడు. గీజరూ, ఏసీ, ఐరన్ బాక్సూ ఒకేసారి వేస్తే ఇది పైకి వెళ్తుంది. రాయించుకున్న లోడును ఇది తరచూ దాటుతుంటే లోడు పెంచుకోమని, దానికి డబ్బు కట్టమని నోటీసు వస్తుంది. 

ఈడీ అంటే విద్యుత్ సుంకం, ప్రభుత్వానికి వెళ్లే పన్ను. యూనిట్‌కు 6 పైసలు. 204 × 0.06 = 12.24.

ఇప్పుడు మొత్తం కూడండి.

```
ఎనర్జీ చార్జీలు      1050.80
కస్టమర్ చార్జీలు      100.00
ఫిక్స్‌డ్ చార్జీలు        20.00
విద్యుత్ సుంకం         12.24
మొత్తం              1183.04
```

బిల్లులో 1,183 అని ఉంటుంది. ఆ నాలుగు పైసలు లాస్/గెయిన్ అనే వరసలో కనిపిస్తాయి. అది చిల్లర సర్దుబాటే, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఇదే ఇల్లు 200 దగ్గర ఆగి ఉంటే 820 + 90 + 20 + 12 = 942 వచ్చేది. అంటే చివరి నాలుగు యూనిట్లకు 241 రూపాయలు.

ఐదో పని: ఈ నెలకు సంబంధం లేని వరసలు

పై కూడిక మీ బిల్లుతో సరిపోకపోతే తేడా దాదాపు ఎప్పుడూ ఈ వరసల్లోనే దొరుకుతుంది.

బకాయిలు అనేవి పాత బిల్లులో కట్టకుండా మిగిలినవి. మీరు కట్టేసినా ఇక్కడ కనిపిస్తే, కట్టిన తేదీనీ, బిల్లు కొట్టిన తేదీనీ చూడండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే మీ డబ్బు ఇంకా ఖాతాలో పడకముందే బిల్లు కొట్టి ఉంటారు. రసీదు దాచుకుని ఆ మేరకు తగ్గించమని అడగండి. గడువు దాటి కడితే ఆలస్యపు సర్‌చార్జీ తర్వాతి బిల్లులో చేరుతుంది.

ఏసీడీ అంటే అదనపు డిపాజిట్. మనం కరెంటు ముందు వాడుకుని డబ్బు తర్వాత కడతాం కాబట్టి, సుమారు రెండు నెలల బిల్లుకు సరిపడా డిపాజిట్ సంస్థ దగ్గర ఉండాలన్నది నియమం. కొత్తగా ఏసీ పెట్టి ఏడాదంతా వాడకం పెరిగితే పాత డిపాజిట్ చాలదు, ఆ లోటును అడుగుతారు. ఇది ఖర్చు కాదు, మీ సర్వీసు పేరున నిలవ ఉండే డబ్బు. దీనిమీద ఏడాదికోసారి వడ్డీ బిల్లులో తగ్గిస్తారు. అద్దెకుండేవాళ్లు ఇది చదివి ఒక పని చేయండి: ఏసీడీ కట్టాల్సి వస్తే ఇంటి ఓనరుతో ముందే మాట్లాడుకోండి. సర్వీసు ఆయన పేరున ఉంటే ఆ డిపాజిటూ ఆయన పేరునే పడుతుంది.

ఇంధన సర్దుబాటు చార్జీ గురించి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కరెంటు కొనడానికి సంస్థకు అనుకున్నదానికన్నా ఎక్కువ ఖర్చయితే, ఆ తేడాను నియంత్రణ మండలి ఒప్పుకున్న మేరకు తర్వాత వసూలు చేస్తారు. 2023 నుంచి నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా ఇలా వేశారు. దీంతోపాటు ట్రూఅప్ పేరుతో అంతకు ముందు ఏడాదుల తేడా కూడా వచ్చింది. ఇక్కడ జనం పడే పొరపాటు ఒకటుంది. ఈ నెల యూనిట్లను ఆ పైసలతో గుణించి, సరిపోలేదని తల పట్టుకుంటారు. ఈ వరసలు పాత నెలల యూనిట్ల మీద వేసినవి. వరస పక్కన ఏ నెలకు అని ఉంటే ఆ నెల పాత బిల్లు తీసి, అందులోని యూనిట్లతో గుణించండి, అప్పుడు కుదురుతుంది. ఇల్లు మారిన అద్దెదారు తన ముందున్నవాళ్ల వాడకానికి డబ్బు కట్టాల్సి వచ్చిందీ ఇందువల్లే. అది నాకు ఇప్పటికీ న్యాయంగా అనిపించదు. ఇల్లు దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు ఓనరుతో ఈ మాట తేల్చుకోవడం తప్ప మనకు మరో దారి కనిపించదు.

తాళం వేసిన నెల తర్వాత వచ్చే బిల్లు

రీడింగ్‌కు వచ్చిన రోజు గేటు తాళం వేసి ఉంటే డోర్ లాక్ అని రాసి, పాత వాడకం సగటున బిల్లు వేస్తారు. తర్వాతి నెల అసలు రీడింగ్ వచ్చినప్పుడు రెండు నెలల యూనిట్లు ఒకేసారి కనిపిస్తాయి. ఆ మొత్తాన్ని రెండు నెలలకు పంచి శ్లాబులు వేశారో లేదో చూడండి. రెండు నెలలకు 300 యూనిట్లు అనుకుంటే, నెలకు 150 చొప్పున ఒక్కో నెలకు 340 + 240 = 580, రెండు నెలలకు 1,160. పంచకుండా 300ను ఒకే నెలగా వేస్తే 1,020 + 770 = 1,790. తేడా 630 రూపాయలు. ముందు నెల సగటున కట్టిన డబ్బు తగ్గించారా అన్నదీ చూడండి.

మీటరే పరుగెడుతోందని అనుమానమా?

బకెట్‌లో నీళ్లు పోసి వేడి చేసే రాడ్ ఉంటే చాలు. 1,000 వాట్ల రాడ్ తీసుకోండి. ఇంట్లో మిగతావన్నీ ఆపండి, ఫ్రిజ్, వైఫై, టీవీ ప్లగ్గులతో సహా. మీటర్ మీద ఒక యూనిట్‌కు ఎర్ర లైటు ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది. ఉదాహరణకు 3200 imp/kWh. 1,000 వాట్లు గంటకు ఒక యూనిట్, అంటే నిమిషానికి సుమారు 53 మెరుపులు. ఐరన్ బాక్సుతో ఇది చేయకండి, అది వేడెక్కగానే తనంతట తాను ఆగుతుంది, లెక్క తప్పుతుంది. వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల నాలుగైదు మెరుపులు అటూ ఇటూ అవ్వడం మామూలే. 53 రావాల్సిన చోట 70 వస్తే మాత్రం మీటర్ పరీక్షకు దరఖాస్తు పెట్టండి. రాడ్ నీళ్లలో ఉండగా బకెట్‌ను ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు.

తప్పు కనిపిస్తే ముందు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. బిల్లు సవరణ చేసేది ఈఆర్‌వో, అంటే విద్యుత్ రెవెన్యూ ఆఫీసు. మీ బిల్లు మీదే దాని పేరుంటుంది. అక్కడ రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. పని కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఎక్కడికి వెళ్లినా సర్వీసు నంబరు, మీటర్ ఫోటో, మీ చేత్తో వేసిన ఈ లెక్క వెంట ఉండాలి. "బిల్లు ఎక్కువొచ్చింది సార్" అనేదానికన్నా "33 రోజులకు 204 యూనిట్లు, 30 రోజులకైతే 185, నన్ను 200 దాటిన గుంపులో వేశారు" అంటే కూర్చోబెట్టి చూస్తారు.

ఇక వచ్చే నెలకు ఒక పని. బిల్లులో ఇప్పటి రీడింగ్ 8616 కదా, దానికి 200 కలపండి. 8816. ఈ అంకెను పెన్సిల్‌తో మీటర్ పెట్టె లోపలి వైపు రాయండి. ఇరవై రోజులయ్యాక ఒకసారి వెళ్లి చూడండి. మీటర్ అప్పటికి 8750 దాటి ఉంటే మీ వాడకం రోజుకు 6.7 యూనిట్లు దాటిపోయినట్టు. మిగిలిన పది రోజుల్లో ఒకటిన్నర టన్నుల ఏసీని రోజుకు ఒక గంట తగ్గించినా సుమారు పది యూనిట్లు మిగులుతాయి. 30వ రోజు దాటినా రీడింగ్‌కు ఎవరూ రాకపోతే ఆ రోజే మీటర్ ఫోటో తీసి, తేదీతో సహా దాచి పెట్టుకోండి.